స్లాబు మీద గీతలు, బావమరిది మీద అనుమానం

మా కొత్త ఇంటి స్లాబుల మీద పడిన పగుళ్లలో చెయ్యి పెడితే మోచేతిదాకా దిగిపోయేది. కింద గదిలో బల్బు వేస్తే పై నుంచి వెలుగు కనిపించేది. ఈ మాట అదియమాన్‌కోట్టై టీకొట్టులో చెప్పినప్పుడు ఒక్కరూ నవ్వలేదు, అందుకే ఇక్కడా అలాగే మొదలుపెట్టాను. నిజం చెప్పాలంటే అవి వెంట్రుకంత గీతలు. కళ్లద్దాలు తుడుచుకుని, మోకాళ్ల మీద వంగి, నడుము పట్టేసిన తరవాత గాని నాకు కనిపించలేదు. కింద గదిలో అప్పటికింకా బల్బే లేదు.

నేను రిటైరైన బస్సు కండక్టర్ని. కలెక్టరు ఎక్కినా టికెట్ అడిగేవాణ్ణని ఊరంతా చెప్పుకున్నాను. మా బస్సు ఏ కలెక్టరూ ఎక్కలేదు గాని, ఎక్కి ఉంటే అడిగేవాణ్ణే. బతుకంతా మనుషుల దగ్గర కాగితం ముక్క అడిగి బతికినవాడికి, ముసలితనంలో మళ్లీ ఒక కాగితం అడగాల్సి రావడం సంతోషమే. చిక్కల్లా ఏమిటంటే, ఈసారి అడగాల్సింది నా భార్య తమ్ముణ్ణి.

మా బావమరిది ఇళ్లు కట్టే బిల్డరు. తమిళనాడులోని ధర్మపురి చుట్టుపక్కల మనలాంటి తెలుగిళ్లలో ఎవరు ఇల్లు కట్టాలన్నా ముందు అతన్ని పిలుస్తారు. అతనికి బోర్డు లేదు, ఆఫీసు లేదు. పెళ్లిళ్లలో, చావుల్లో నలుగురూ అనుకునే మాటే అతని ఆఫీసు. సోగత్తూరులో మేము కొన్న స్థలంలో పక్కపక్కనే రెండు పోర్షన్లు, ఒకటి మాకు, ఒకటి మా కూతురి కుటుంబానికి, అతనే కడుతున్నాడు. రెండింటి స్లాబులూ ఒకే రోజు పోశాడు.

ఆ రోజు ఎంచింది మాత్రం మేమే. ఆడి నెల, అంటే మన ఆషాఢం, పుట్టిందంటే మా ఆవిడ ఇంట్లో చీపురు కూడా కొత్తది కొననివ్వదు. ఆ నెల వచ్చేలోగా కప్పు పడిపోవాలని పట్టుబట్టింది. ఆడి ఇంకా రాలేదు గాని ఆడి గాలి మాత్రం ముందే వచ్చేసింది. స్లాబు పోస్తుంటే తలపాగాలు ఎగిరిపోయాయి. ఒక తలపాగా బెంగళూరు దాకా పోయిందని చెబుతుంటాను. పక్క తోటలో మునగచెట్టుకు తగులుకుని ఉంది.

అది శనివారం. మా ఇంట్లో శనివారం మాంసం వండరు. స్లాబు పోసిన కూలీలకు మాంసం కూర పెట్టకపోతే ఇంటికి మంచిది కాదని మాలో ఒక నమ్మకం, కూలీల్లో అంతకంటే గట్టి నమ్మకం. అందుకని విందు ఆదివారానికి మార్చి, సైటులోనే మా ఆవిడ స్వయంగా కట్టెల పొయ్యిలు పెట్టి అందరికీ వండింది. ఆ కూర గురించి పొగడడానికి నాకు మాటలు చాలవు. ఇందులో మాత్రం అతిశయోక్తి ఏమీ లేదు. బావమరిది ఒక్కడే ఆ రోజు ముద్ద మింగలేక కూర్చున్నాడు. కళ్లు పొయ్యిల మీదే ఉన్నాయి. కారం ఎక్కువైందేమోననుకుని నేనతనికి మజ్జిగ పోశాను.

సోమవారం పొద్దున స్లాబు ఎక్కాను. కూలీలు ఇసక గట్లు కట్టి నీళ్లు నిలబెట్టే పనిలో ఉన్నారు. ఇంకా నీళ్లు పట్టని ఒక మూల పైభాగం ఆరి తెల్లబడింది, దాని మీద నల్లగా, సన్నగా గీతలు. పగుళ్లలోకి దిగిన తడి ఆరలేదు కాబట్టి అవి మాత్రం నల్లగా ఉన్నాయి. రెండో స్లాబు మీదా అంతే. నా గుండె ఆగిపోయింది. ఆగలేదనుకోండి, టీ తాగాలనిపించింది.

ఆ తరవాత నేను కట్టడాల శాస్త్రమంతా చదివాను. అంటే, ఫోనులో ఒక వీడియో సగం చూశాను. స్లాబులో పగుళ్లొస్తే బిల్డరు దగ్గర సిమెంటు రిపోర్టు, ఇనుము రిపోర్టు, క్యూబు రిపోర్టు అడగమని అందులో ఒకాయన గట్టిగా చెప్పాడు. స్లాబుకు కలిపిన కాంక్రీటునే ఇనప అచ్చుల్లో జానెడు కంటే చిన్న ఘనాలుగా పోసి, మర్నాడు అచ్చు విప్పి, నీళ్లలో నానబెట్టి, ఏడో రోజు కొన్నింటినీ ఇరవై ఎనిమిదో రోజు కొన్నింటినీ మిషన్లో నొక్కి పగలగొట్టి, అవి ఎంత బరువుకు చితికాయో రాస్తారట. అదే క్యూబు రిపోర్టు. స్లాబులోని సరుకు గట్టిదా కాదా అన్నది అదే చెబుతుంది.

మధ్యాహ్నం బావమరిది మేముంటున్న ఇంటికి రాగానే అడిగాను.

"ఏమప్పా, రిపోర్టులు యాడ?"

"ఏం రిపోర్టులు బావా?"

"సిమెంటు, ఇనుము, క్యూబు. మూడూ కావల్ల."

అతను గడ్డం గోక్కున్నాడు. "అక్క ఇంటికి కట్టేదానికి కూడా టికెట్ అడుగుతావా బావా?"

"మా నాయిన బస్సెక్కినా అడిగినాను."

మా నాయనకు బస్సు పడదు, కడుపులో తిప్పేది. ఆయన నా బస్సు ఎక్కలేదు.

లోపలి నుంచి మా ఆవిడ వచ్చింది. చేతిలో అట్లకాడ ఉంది. "ఎవరిని రిపోర్టు అడిగేది? నా తమ్ముణ్ణా?"

"నీ తమ్ముణ్ణి కాదు. బిల్డర్ని."

"రెండూ ఒకే మనిషి గదయ్యా!"

"నేనేం చేసేది? ఇద్దరుగా పుట్టించి ఉండాల్సింది మీ అమ్మ."

ఆ రోజు నుంచి నాకు కాఫీ రాలేదు. వారం పాటు పస్తులున్నానని మా కూతురికి ఫోనులో చెప్పాను. సాంబారన్నం సరిగ్గానే వచ్చింది, కాఫీయే రాలేదు.

మూడు నాలుగు రోజులకు బావమరిది రెండు కాగితాలు తెచ్చి నా ముందు పెట్టాడు. ఒకటి సిమెంటుది, ఒకటి ఇనుముది. నమ్మినవాడు ఊరుకుంటాడు, కండక్టరు ఊరుకోడు. సిమెంటు సంచి మీద అది ఏ వారంలో తయారైందో అచ్చేసి ఉంటుంది, ఆ వారమే సర్టిఫికెట్‌లోనూ ఉండాలి. ఖాళీ సంచుల కోసం వెతికితే, కూలీలు వాటిని కుట్టి స్నానాలకు తడిక కట్టుకున్నారు. నేను ఆ తడిక చుట్టూ తిరుగుతూ ఒక్కొక్క సంచీ చదువుతుంటే లోపల కొత్తనారు, అంటే మా తాపీమేస్త్రి, ఒంటికి సబ్బు పూసుకుంటున్నాడు.

"అయ్యా, ఏం చూస్తా ఉండారు?"

"వారం చూస్తా ఉండాను."

"ఈ రోజు గురువారం అయ్యా. పక్కకు పోండి."

వారం సరిపోయింది. ఇనప కట్టలకు ఒక రేకు బిళ్ల కట్టి ఉంటుంది, ఏ కొలిమిలో ఏ విడత కరిగించిన ఇనుమో దాని మీద నంబరు. మిగిలిన కమ్మీల దగ్గర ఒక బిళ్ల దొరికింది. అదీ సరిపోయింది. నిజం చెబితే నాకు కొంచెం నిరాశగా అనిపించింది.

ఇంటికి తిరిగొచ్చి, "ఏడో రోజు ఇంకా రాలేదు సరే, క్యూబులన్నా చూపించు" అన్నాను.

బావమరిది చెప్పులకేసి చూశాడు. "అది మాత్రం అడగొద్దు బావా."

"ఎందుకు? పొయ్యలేదా?"

"పోసినాను."

"మరి యాడుండాయి?"

"పోయినాయి."

"యాడికి పోయినాయి? కాళ్లొచ్చినాయా వాటికి?"

అతను మా ఆవిడ ఉన్న గదివైపు ఒక చూపు చూసి, "నన్ను నమ్ము బావా. ఇంకేమీ అడగొద్దు" అని బండి ఎక్కి వెళ్లిపోయాడు.

ఇంకేం కావాలి నాకు! సిమెంటు మంచిదే, ఇనుము మంచిదే, మరి కలపడంలో మోసం చేశాడన్నమాట. ఇసక ఎక్కువ వేశాడు, సిమెంటు సంచులు వేరే సైటుకు తరలించాడు. ఇవన్నీ నేను కళ్లారా చూసినట్టు టీకొట్టులో చెప్పాను. మోచేతిదాకా దిగే పగులు పుట్టింది ఆ రోజే. నాలుగో టీకి అందులో మా మనవరాలి చెప్పు పడిపోయింది. మా మనవరాలు ఇంకా సైటుకే రాలేదు.

టీకొట్టులో విన్నవాళ్లలో ఒకడు ఏ. పళ్లిపట్టి అనే ఊరికి రోజూ పాలవ్యాన్ తోలేవాడు. అక్కడ అరటిపండ్ల మండీ నడిపే పెద్దమనిషి ఒకాయన, ఆయనా మన తెలుగువాడే, మా బావమరిది చేత ఇల్లు కట్టించడానికి మాటిచ్చి ఉన్నాడు. చెప్పు పడిపోయిన పగులు ఆయన చెవిన పడింది. పని ఆపెయ్యమన్నాడు. ఆయన ఆపడం చూసి ఆ ఊళ్లో ఇంకొకాయనా ఆపాడు.

ఈ సంగతి నాకు మా ఆవిడే చెప్పింది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "వాడు రాత్రి అన్నం తినలేదంట. ఆ కొంపలో నలుగురు తినేది వాడి పేరు మీదే. నువ్వు ఆ పేరు తీసుకుపోయి టీలో ముంచుకుని తాగినావు" అంది.

నాకు సిగ్గేసింది, కానీ అనుమానం పోలేదు. స్లాబు నిజంగానే బలహీనమైతే? దాని కింద పడుకునేది మా కూతురూ అల్లుడూ మనవరాలూ. పై గోడల బరువు దాని మీదే. తేలేదాకా పై పని మొదలుపెట్టొద్దన్నాను. బావమరిదీ సరేనన్నాడు. "బయటోళ్లను పిలిచి చూపించు బావా. నువ్వే పిలువు. నేను పిలిస్తే నా మనిషంటావు" అన్నాడు.

సేలం టెస్టింగ్ ల్యాబు నుంచి ఒక ఇంజనీరమ్మ వచ్చింది. మా కూతురి వయసుంటుంది. తమిళంలోనే మాట్లాడింది, నేను తెలుగులో రాస్తున్నాను. అప్పటికి కింద చెక్కలు, కర్రలు విప్పేశారు. స్లాబు ఎక్కి, గీతల మీద చిన్న ప్లాస్టిక్ స్కేలు లాంటిది పెట్టి వెడల్పు చూసి, "ఎప్పుడు కనిపించాయి?" అని అడిగింది.

"భూకంపం వచ్చినట్టు పెద్ద శబ్దంతో..." మొదలుపెట్టాను.

"తాతా, రోజు చెప్పండి చాలు."

"స్లాబు పోసిన రెండో నాడు."

"పోసిన రోజు గాలి ఉందా? పైన తడి గోనెలు ఎప్పుడు కప్పారు?"

బావమరిది ముందుకొచ్చాడు. "గాలి ఎక్కువ మేడం. మధ్యాహ్నానికి పోయడం అయిపోయింది. గోనెలు సాయంత్రం కప్పించినాను. లేటే. నా తప్పే అది."

ఆమె తలూపింది. "పైపొరలోని తడిని గాలి లాగేసింది. లోపల ఇంకా మెత్తగా ఉంటే పైన మాత్రం ఎండి ముడుచుకుంది, అందుకే చిరిగింది. ఇలాంటివి మామూలుగా పైపైనే ఉంటాయి. కానీ చూసి చెప్పడం వేరు, పరీక్షించి చెప్పడం వేరు. క్యూబు రిపోర్టు ఇవ్వండి, బలం సంగతి తెలిసిపోతుంది."

 నేను బావమరిదిని చూశాను, దొంగ దొరికిన చెకింగు ఇన్‌స్పెక్టరులాగా. బావమరిది నేలను చూశాడు. అప్పుడే మా ఆవిడ ఇంజనీరమ్మకు మజ్జిగ తీసుకుని మెట్లెక్కింది.

"క్యూబంటే ఏందమ్మా? ఇన్నాళ్లుగా దాని పేరు మీదే మా ఇంట్లో రగడ."

ఇంజనీరమ్మ చేతులతో చూపించింది. "ఇంతుంటుందమ్మా. నాలుగు పక్కలా నున్నగా, చదరంగా, సిమెంటు రాయిలాగా. పైన మేకుతో తేదీ గీకి ఉంటుంది. మొత్తం ఆరు చేస్తారు."

మా ఆవిడ చేతిలో గ్లాసు ఆగిపోయింది. తమ్ముడివైపు తిరిగింది. "ఒరే. నీళ్లతొట్టి పక్కన పేర్చి ఉన్నాయే, ఆరు రాళ్లు. అవా?"

బావమరిది మెల్లగా తలూపాడు.

"అయ్యయ్యో! అన్నం పొయ్యికి మూడు, కూర పొయ్యికి మూడు పెట్టినాను గదరా! ఎంత చక్కగా కుదిరినాయో, ఎవరో పుణ్యాత్ముడు పొయ్యికనే చేసి పెట్టినాడనుకున్నాను!"

అదీ జరిగింది. ఆదివారం పొద్దున కొత్తనారు అచ్చులు విప్పి, ఘనాలు తొట్టి పక్కన పెట్టి, తొట్టిలోకి నీళ్లు పట్టించడానికి మోటరు వెయ్యబోయాడు. కరెంటు లేదు. అతను టీకి పోయాడు. ఈలోగా మా ఆవిడ గుండిగతో వచ్చింది. ఒక్క రోజు వయసున్న పచ్చి కాంక్రీటు, దాని మధ్య చింతకట్టెల మంట. మధ్యలో ఒక రాయి టప్పుమని పేలితే గుండిగ వాలింది, నేనే పోయి దాని కింద ఇటుక దోపాను. మా బావమరిది వచ్చేసరికి అతని సాక్ష్యాలు ఆరూ నల్లగా కాలి, పైన మాంసం ఉడుకుతూ ఉంది. అక్క చెమటలు కారుస్తూ నవ్వుతోంది. ఏమనగలడు పాపం?

"మరి నాకెందుకు చెప్పలేదురా?" అన్నాను.

"చెబితే నువ్వు ఊరుకుంటావా బావా? 'మా ఆవిడ కాంక్రీటుతో కూర వండింది' అని ధర్మపురి బస్టాండు దాకా చెబుతావు. అక్క తల ఎత్తుకునేదెట్ల?"

అది మాత్రం నిజం. ఆ మాట వింటుంటేనే నా నోట్లో ఆ కథ సగం తయారైపోయింది.

ఇంజనీరమ్మ వెనక్కి తిరిగి నవ్వుకుంది, భుజాలు కదలడం చూశాను. తరవాత, "కాలిన క్యూబులు పనికిరావు. ఇక స్లాబునే అడగాలి. ఇరవై ఎనిమిది రోజులు నిండాక కోర్ తీద్దాం" అంది.

కోర్ తీయడమంటే స్లాబుకు గుండ్రంగా రంధ్రం పెట్టి, లోపలి కాంక్రీటును దుంగ ముక్కలాగా బయటికి తీయడం. "కొత్త కప్పుకు బొక్కలు పెడతారా!" అని మా ఆవిడ చెవులు మూసుకుంది. బావమరిదే ఒప్పించాడు. "పెట్టనీ అక్కా. ఆ బొక్కల్లోనే నా పేరుంది."

చెప్పిన రోజుకు మిషను వచ్చింది. లోపల కమ్మీలు ఎక్కడున్నాయో ముందు ఒక పరికరంతో వెతికి, వాటిని తప్పించి తొలిచారు. ఒక్కో స్లాబుకు మూడేసి. ఇవి బలానికి. ఇంకొకటి మాత్రం కావాలనే పెద్ద పగులు మీదుగా తీశారు, లోతు చూడడానికి. ఆ ముక్కను ఇంజనీరమ్మ తడిపి నా చేతికిచ్చింది. పైన గీత సన్నగా మొదలై, నా గోరంత కూడా దిగకుండా మాయమైపోయింది. కింద అంతా కంకర, సిమెంటు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. నేను దాన్ని తిప్పి తిప్పి చూశాను. పక్కన బావమరిది నన్నే చూస్తున్నాడు. అరవై దాటిన మనిషి, పరీక్ష రాసిన పిల్లాడిలాగా.

"లోతు లేదు" అన్నాను. నా జీవితంలో అంత చిన్న మాట ఎప్పుడూ మాట్లాడలేదు.

రిపోర్టు కొన్నాళ్లకు వచ్చింది. అంతా ఇంగ్లీషు. మా ఇంట్లో తిట్టుకోవడానికి తెలుగు, లెక్కలకు తమిళం, భయపడడానికి ఇంగ్లీషు. ప్రతి వరసలోనూ 'ఫెయిల్యూర్' అన్న మాట కనిపించేసరికి ఆరూ ఫెయిలని కుర్చీలో కూలబడ్డాను. మా కూతురు వచ్చి చదివి, ఆ ముక్క ఎంత బరువు దగ్గర చితికిందో చెప్పే గడి అదని తిట్టింది. కోర్ ముక్కల సగటు, అనుకున్న బలంలో నూటికి ఎనభై ఐదుకు తగ్గకూడదట, ఏ ఒక్కటీ డెబ్బై ఐదుకు తగ్గకూడదట. రెండు స్లాబులూ ఆ లెక్కకు పైనే ఉన్నాయి.

రంధ్రాలను కుంచించుకుపోని గారతో పూడ్చారు, గీతల్లోకి సన్నటి జిగురు మందు ఎక్కించారు. అవి గట్టిపడ్డాక పైన నీళ్లు కట్టి, కింద చెమ్మ వస్తుందేమో చూడమంది ఇంజనీరమ్మ. ఆ నీళ్లు నిలిచి ఉన్న రోజే నేను బస్సెక్కి ఏ. పళ్లిపట్టికి పోయాను.

మండీ పెద్దమనిషి అరటిగెలల మధ్య కూర్చుని ఉన్నాడు. రిపోర్టు ముందు పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పాను. గీతలు పడ్డాయి, గాలికి పడ్డాయి, గోనెలు ఆలస్యంగా కప్పారు, లోతు లేదు, బలం ఉంది. చెప్పు పడలేదు. ఆయన నన్ను అనుమానంగా చూశాడు.

"ఇంతేనా అన్నా?"

"ఇంతే."

"మీరు ఇంత పొడిగా చెబితే నమ్మేదెట్ల? పదండి, నేనే చూస్తాను."

ఆయన సొంత బండిలోనే సోగత్తూరు వచ్చాం. బావమరిది గేటు దగ్గర నిలబడి ఉన్నాడు, లోపలికి రాలేదు. పెద్దమనిషి స్టూలెక్కి కప్పు కింద అరచెయ్యి ఆనించాడు. ఒక మూల నుంచి ఇంకో మూలకు జరిపాడు. పూడ్చిన రంధ్రాల దగ్గర రెండుసార్లు తడిమాడు. చెయ్యి కిందికి తీసి చూసుకున్నాడు. పొడి సున్నంలాంటి దుమ్ము తప్ప చెమ్మ లేదు. రెండో పోర్షన్లోనూ అంతే. స్టూలు దిగి, పంచెకు చెయ్యి తుడుచుకుంటూ గేటు దాకా నడిచాడు.

"తంబీ, సంక్రాంతికి తై నెల పుట్టగానే మొదలుపెడదాం. కానీ గోనెలు పొద్దున్నే తెచ్చి పెట్టుకో."

"పెట్టుకుంటానన్నా."

బండి వెళ్లిపోయింది. నేనూ బావమరిదీ మిగిలాం. ఏదో ఒకటి చెప్పాలి కదా అని గొంతు సవరించుకున్నాను. "దిగులుపడొద్దు. ధర్మపురి జిల్లాలోనే నీ అంతటి బిల్డరు లేడని రేపటి నుంచి నేనే..."

అతను రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. "వద్దు బావా. నా గురించి చెడ్డ చెప్పొద్దు. నీ కాళ్లు పట్టుకుంటాను, మంచి కూడా చెప్పొద్దు."

లోపలి నుంచి మా ఆవిడ నవ్వు వినిపించింది. చాలా రోజుల తరవాత.

సరేనన్నాను. సాయంత్రం పై గోడలకు ఇటుకల లారీ వచ్చింది. కూలీలు వరసగా నిలబడి అందుకుంటుంటే నేనూ పంచె ఎగ్గట్టి మధ్యలో దూరాను. లారీలో సగం నేనే దించాను. అంటే, ఒక ఇటుక అందుకున్నాను, రెండోది కాలి మీద పడింది.